ముందు సామాను, తర్వాతే వెస్ట్

కొండదారుల్లో నలభై, యాభై కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు నీళ్లు, జాకెట్, లైటు, తిండి అన్నీ ఒంటి మీదే ఉండాలి. వాటిని మోసే హైడ్రేషన్ వెస్ట్‌ను ఎలా ఎంచుకోవాలి? ఒంటికి ఎలా అమర్చుకోవాలి? సీసాలు ఎక్కడ ఉండాలి? తప్పనిసరి సామానులో ఏవేం ఉండాలి, ఎందుకు ఉండాలి?

షాపులో ఖాళీ వెస్ట్ తొడుక్కుని అద్దం ముందు నిలబడితే దాదాపు ప్రతి వెస్టూ బాగానే అనిపిస్తుంది. పావుకిలో బరువున్న పల్చటి జాలీ గుడ్డ, సాగే పట్టీలు, ఛాతీ మీద రెండు బకిళ్లు. వేసుకున్నట్టే తెలియదు. అందులోనే రెండు అరలీటరు సీసాలు నింపి, వెనక జాకెట్, వెచ్చటి చొక్కా, లైట్లు, తిండి సర్ది పరుగు మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడుతుంది. పదో కిలోమీటరుకి సీసా అడుగు పక్కటెముకను పొడుస్తూ ఉంటుంది. ఇరవయ్యో కిలోమీటరుకి వెనక మూట కిందికి జారి అడుగడుక్కీ నడుమును కొడుతుంది. ముప్పయ్యో కిలోమీటరుకి మెడ పక్కన చర్మం లేచిపోయి, చెమట తగిలినప్పుడల్లా భగ్గుమంటుంది.

ఇదంతా ఆ కంపెనీ వెస్ట్ బాగాలేకపోవడం వల్లేనని అనుకుంటాం. చాలాసార్లు కారణం మనం కొన్న వరసలో ఉంటుంది. ముందు వెస్ట్ కొనేస్తాం, తర్వాత అందులో ఏమేం పడతాయో చూస్తాం. ఆ వరస తిరగెయ్యాలి. ఏ దారిలో పరుగెత్తబోతున్నామో, అక్కడ ఏమేం మొయ్యాలో ముందు తేల్చుకోవాలి. ఆ సామానంతా ఒకచోట పేర్చి, తూచి, అది పట్టే వెస్ట్‌ను వెతకాలి. దాన్ని నిండుగా సర్దుకున్నాకే ఒంటికి సరిపోయిందో లేదో చూడాలి.

జాబితా వెనక ప్రాణాలు

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రం, బైయిన్ నగరం దగ్గర 100 కిలోమీటర్ల కొండ పరుగు పోటీ జరిగింది. 172 మంది బయల్దేరారు. చాలామంది నిక్కర్లు, పల్చటి టీషర్టులతో ఉన్నారు. మధ్యాహ్నానికి, వాహనాలు వెళ్లలేని ఒక ఎత్తైన కొండభాగం మీద వాళ్లు ఉండగా ఈదురుగాలి, వాన, వడగళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. తడిసిన ఒంటికి గాలి తోడైతే శరీరం వేడిని నిలుపుకోలేదు. ఆ రోజు 21 మంది చనిపోయారు. చైనాలో పేరున్న అల్ట్రా రన్నర్ లియాంగ్ జింగ్ కూడా వాళ్లలో ఒకరు. దగ్గర్లో గొర్రెలు కాస్తున్న ఝూ కెమింగ్ అనే కాపరి ఆరుగురిని తాను తలదాచుకున్న గుహలోకి చేర్చి, మంట వేసి బతికించాడు.

ఆ పోటీలో గాలిని ఆపే జాకెట్ 'ఉంటే మంచిది' అన్న పట్టికలో ఉంది, తప్పనిసరి పట్టికలో లేదు. ఒక్క వస్తువు ఏ పట్టికలో ఉందన్న తేడా అంత దూరం తీసుకెళ్లింది. అందుకే నిర్వాహకులు ఇచ్చే సామాను జాబితాను మోతబరువుగా చూడకూడదు. అందులోని ప్రతి వస్తువూ ఒక ప్రశ్నకు జవాబు: కాలు మడతపడి రెండు గంటలపాటు ఒకేచోట కూర్చోవాల్సి వస్తే, సాయం వచ్చేదాకా ఏ ఆధారంతో ఉంటావు? పరుగెత్తుతున్నంతసేపూ ఒళ్లు వేడిగానే ఉంటుంది. కదలిక ఆగిన పది నిమిషాలకే చలి పట్టుకుంటుంది.

ప్రపంచంలోని చాలా పోటీలు నమూనాగా తీసుకునేది ఫ్రాన్స్‌లోని షామనీ నుంచి మొదలయ్యే యూటీఎంబీ జాబితాను. 2003లో మొదలైన ఈ పరుగు మోంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా దాదాపు 170 కిలోమీటర్లు సాగుతుంది. మొత్తం ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 10,000 మీటర్లు. పోటీని బట్టి, ఏడాదిని బట్టి చిన్న చిన్న మార్పులుంటాయి కానీ జాబితా మూలం ఇలా ఉంటుంది: ఛార్జింగ్ ఉన్న ఫోను, కనీసం ఒక లీటరు నీళ్లు పట్టే ఏర్పాటు, తాగడానికి సొంత కప్పు, హెడ్‌ల్యాంపు, దానికి అదనపు బ్యాటరీ, సర్వైవల్ బ్లాంకెట్, విజిల్, సాగే అంటుకట్టు, తిండి, హుడ్ ఉన్న వానజాకెట్, వెచ్చటి రెండో పొర, కాళ్లు పూర్తిగా కప్పే లెగ్గింగ్స్, వాన ప్యాంటు, నీళ్లు దిగని చేతితొడుగులు, టోపీ, గుర్తింపు కార్డు. ఎండ తీవ్రంగా ఉంటుందనుకున్న ఏడాది మెడను కూడా కప్పే టోపీ, చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ జోడిస్తారు. నీళ్లు ఒకటి కాస్తా రెండు లీటర్లవుతాయి.

ఇందులో ఎక్కువమంది పొరపాటు పడేది జాకెట్ దగ్గర. యూటీఎంబీ అడిగేది 10,000 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడిని తట్టుకునే పొర ఉన్న జాకెట్. సాధారణ విండ్‌చీటర్ గాలిని ఆపుతుంది, చినుకుల్ని కాసేపు ఆపుతుంది, గంట వానకు లోపలికి తడి దిగుతుంది. తేడా ఇంట్లోనే కనిపెట్టొచ్చు. జాకెట్‌ను లోపలికి తిరగేసి కుట్లు చూడండి. కుట్టు పొడవునా పల్చటి టేపు అతికించి ఉంటే అది వానజాకెట్. సూదిరంధ్రాలు బయటికి కనిపిస్తుంటే వాన వాటిలోంచే లోపలికొస్తుంది. రెండో పొర దగ్గరా ఇలాగే జాగ్రత్త పడాలి. మగవాళ్ల మీడియం సైజులో ఆ చొక్కా కనీసం 180 గ్రాములుండాలని జాబితా చెబుతుంది. అది నూలు చొక్కా కాకూడదు. నూలు తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది.

సర్వైవల్ బ్లాంకెట్‌నే నమ్ముకుని జాకెట్ మానెయ్యడం మరో పొరపాటు. వెండి రేకులాంటి ఆ షీటు పైన కప్పుకుంటే గాలికి ఎగిరిపోతుంది, చిరిగిపోతుంది. అది చొక్కాకీ జాకెట్‌కీ మధ్య చుట్టుకోవాల్సింది. జాకెట్ జిప్పు పైదాకా వేస్తేనే అది ఒంటి వేడిని లోపల నిలుపుతుంది.

తూకం మీద మూడు కిలోలు

మా రన్నింగ్ బృందంలోని ఒక అమ్మాయి యూటీఎంబీ వారంలోనే జరిగే ఓసీసీ పోటీకి సిద్ధమవుతోంది. ఇది స్విట్జర్లాండ్‌లోని ఓర్సియేర్‌లో మొదలై చాంపెక్స్, ట్రియాన్, వాలోర్సీన్ మీదుగా షామనీ చేరుతుంది. సుమారు 55 కిలోమీటర్ల దూరం, 3,400 మీటర్లకు పైగా ఎక్కుడు. అప్పటికే ఆమె దగ్గర అయిదు లీటర్ల వెస్ట్ ఉంది. "ఇది చాలదా అక్కా? అందరూ చిన్నదే తేలికంటున్నారు" అంది. "ముందు సామాను నేల మీద పరుచు, తర్వాత చూద్దాం" అన్నాను.

వంటింటి త్రాసు తెచ్చి ఒక్కోటీ తూచాం. వానజాకెట్ 250 గ్రాములు, వెచ్చటి చొక్కా 250, లెగ్గింగ్స్ 180, వాన ప్యాంటు 130. తొడుగులు 80, టోపీ 40. లైటు, అదనపు బ్యాటరీ, ముందుజాగ్రత్తకి మరో చిన్న లైటు కలిపి 160. బ్లాంకెట్ 60, అంటుకట్టు 40, ఫోను 200, కప్పు 30, తిండి 300. మొత్తం 1,720 గ్రాములు. దీనికి ఒక లీటరు నీళ్లు అంటే ఒక కిలో. వెస్ట్ సొంత బరువు 280. అంతా కలిపితే సరిగ్గా మూడు కిలోలు.

బరువు కన్నా పెద్ద చిక్కు పరిమాణం. వెస్ట్ మీద రాసి ఉండే లీటర్ల లెక్క దాని పాకెట్లన్నీ కలిపి చెప్పేది. ముందు సీసాల పాకెట్లు, జెల్ ప్యాకెట్ల పాకెట్లు కూడా చాలా కంపెనీలు అందులోనే కలిపేస్తాయి. అందుకే అయిదు లీటర్ల వెస్ట్‌లో బట్టలకు దొరికే వెనక సంచి చాలా చిన్నది. జాకెట్, చొక్కా దూర్చేసరికి ఆమె వెస్ట్ నిండిపోయింది. లెగ్గింగ్స్ కుక్కితే వీపు మీద గుండ్రటి ముద్ద తయారైంది. గుడ్డ అంతా సాగిపోయి, ఛాతీ పట్టీలు చివరి అంగుళం దాకా వదిలితే తప్ప కలవలేదు.

ఇలాంటి సామానుకి పది నుంచి పన్నెండు లీటర్ల వెస్ట్ కావాలి. మధ్యలో మూడు, నాలుగు చోట్ల నీళ్లు దొరికే, రాత్రి పడకముందే ముగిసే 25 కిలోమీటర్ల పరుగుకైతే అయిదు లీటర్లది చక్కగా సరిపోతుంది. రాత్రంతా సాగే వంద కిలోమీటర్లకు, చలి ప్రదేశమైతే పన్నెండు దాటినా తప్పులేదు. ఎటూ పనికొస్తుందని పెద్దది కొనేస్తే ఇంకో ఇబ్బంది ఉంది. సగం ఖాళీగా ఉన్న సంచిలో సామాను అడుగుకి జారి ఊగుతుంది. పక్కల ఉండే తాళ్లు లాగి సంచిని వీపుకి దగ్గరగా బిగించే వీలున్న వెస్ట్ అయితే ఆ ఊపు చాలావరకు తగ్గుతుంది. పెద్ద సైజు తీసుకునేవాళ్లు ఈ తాళ్లు ఉన్నాయో లేదో తప్పక చూడాలి.

నిండుగా వేసుకుని కొలవాలి

వెస్ట్ సైజుకి ఆధారం ఛాతీ చుట్టుకొలత. చంకల కింద, ఛాతీ బాగా వెడల్పున్న చోట టేపు పెట్టి కొలవాలి. ఆడవాళ్లు పరుగులో వేసుకునే బ్రా వేసుకునే కొలవాలి. రెండు సైజుల మధ్య కొలత వస్తే, సాగే గుడ్డతో చేసిన వెస్టుల్లో సాధారణంగా చిన్న సైజు మేలు. సగం సామానుతోనే పట్టీలు చివరిదాకా వదలాల్సి వస్తుంటే మాత్రం పెద్దది తీసుకోవాలి.

షాపుకి వెళ్లేటప్పుడు సామాను వెంట తీసుకెళ్లండి. మొహమాటం వద్దు. సీసాల్లో నీళ్లు నింపమని అడగండి. నిండుగా సర్దిన వెస్ట్ వేసుకునే ముందు పట్టీలన్నీ వదులు చేయాలి. వేసుకున్నాక ముందు పక్క పట్టీలు సరిచేసి, వెస్ట్ అంచు కడపటి పక్కటెముక దాటి నడుము మీదకి దిగకుండా చూడాలి. తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చి, ఆ ఊపిరి బిగబట్టి ఉంచి ఛాతీ బకిళ్లు పెట్టాలి. ఊపిరి వదిలేసి బిగిస్తే, ఎక్కుడులో రొప్పు వచ్చేసరికి పట్టీ పక్కటెముకల్ని కదలనివ్వదు. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు హాయిగా దూరాలి.

ఆ తర్వాత కదిలి చూడాలి. మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఆ అమ్మాయి కొత్త పది లీటర్ల వెస్ట్‌తో నాలుగు అంతస్తులు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కింది. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడు కుడి సీసా పైకి ఎగిరి గడ్డానికి తగలబోయింది. పై పట్టీని రెండు అంగుళాలు కిందికి జరిపి, సీసా పాకెట్ పైన ఉండే సాగే ఉచ్చును సీసా మెడకు తగిలించాక ఆగింది. ఇలాంటివి దిగుడులోనే బయటపడతాయి. చదునైన ఫుట్‌పాత్ మీద వంద అడుగులు నడిచి చూస్తే ఏమీ తెలియదు.

మెట్లు అయ్యాక ఇంకొన్ని పనులు చేసి చూడాలి. బూటు లేసు కట్టుకోవడానికి వంగండి, సీసా జారిపడకూడదు. రెండు చేతులూ పైకెత్తండి, వెస్ట్ మెడలోకి ఎక్కకూడదు. తల పైకెత్తి చెట్టు కొమ్మలు చూడండి, వెనక మూట పైభాగం తలకి తగలకూడదు. చేతులు పరుగులో ఊపినట్టు ఊపండి, మోచేయి పైభాగం సీసాకి ఒరుసుకోకూడదు. ఒరుసుకుంటే వెస్ట్ చిన్నదైపోయి సీసాలు చంకల వైపు జరిగాయన్నమాట. పట్టీలు పూర్తిగా లాగినా వెనక సంచి ఊగుతుంటే వెస్ట్ పెద్దది.

పరుగు మధ్యలో నీళ్లు తాగి సీసాలు ఖాళీ అయ్యేకొద్దీ వెస్ట్ వదులవుతుంది. జాకెట్ తీసి వేసుకున్నా అంతే. అందుకే ప్రతి నీళ్ల చోటు దాటాక పట్టీలను ఒకసారి తడిమి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఊగుతున్న వెస్ట్‌ను మరీ బిగించేస్తే మెడ నుంచి భుజాల దాకా నొప్పి పడుతుంది. ముందు సామాను సర్దుబాటు చూడాలి, పట్టీల సంగతి ఆ తర్వాత.

సీసాలు ఎక్కడ?

నీళ్లే వెస్ట్‌లో అన్నిటికన్నా బరువైన వస్తువు, తగ్గుతూ పోయే వస్తువు కూడా. కాబట్టి అవి ఎక్కడ ఉన్నాయన్నదాన్ని బట్టి పరుగు తీరు మారుతుంది. అరలీటరు మెత్తటి సీసాలు రెండు ఛాతీ మీద ఉంటే ముందు ఒక కిలో నీళ్లు, వెనక బట్టల బరువు ఉంటాయి. ఒళ్లు దాదాపు సమతూకంలో ఉంటుంది. తలవంచితే ఎన్ని నీళ్లు మిగిలాయో కనిపిస్తుంది. నీళ్లు పట్టే చోట వెస్ట్ విప్పకుండానే సీసా లాగి నింపుకోవచ్చు.

సీసా పైభాగం కాలర్ ఎముకకి కాస్త కింద ఉండాలి. నోరు కొద్దిగా వంచితే మూత అందాలి. అడుగుభాగం పక్కటెముకల చివరి వంపుని పొడవకూడదు. అక్కడ నొప్పి పుడితే పొట్టి, వెడల్పు సీసాలు వాడి చూడాలి. ఆడవాళ్లకి నిండు సీసాలు రొమ్ముల మీద ఒత్తిడి తేవచ్చు. వాళ్లకోసం కత్తిరించిన వెస్టుల్లో సీసాల పాకెట్లు కొంచెం పక్కకు లేదా కిందికి ఉంటాయి. మరికొన్నిట్లో సీసా పక్కటెముకల పక్కన కింద ఉండి, పొడవాటి గొట్టం నోటి దాకా వస్తుంది. ఛాతీ పట్టీల్లో ఒకటి రొమ్ముకి పైన, ఒకటి కింద పడేలా జరుపుకోవాలి. మధ్యలోంచి వెళ్లే పట్టీ ఎంత వదిలినా బాధిస్తుంది.

మెత్తటి సీసా గొప్పదనం నీళ్లు తగ్గేకొద్దీ తానూ ముడుచుకోవడం. కానీ లోపల గాలి ఉంటే నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ చప్పుడు చేస్తాయి, సీసా ఎగురుతుంది. నింపాక మూత పెట్టి, సీసాను మూత పైకి ఉండేలా నిటారుగా నిలపండి. గాలి బుడగ మూతవైపుకి చేరుతుంది. అప్పుడు కొరుకుడు మూతను పళ్లతో నొక్కి గాలిని పీల్చేయండి. సీసా గట్టిగా బిగిసి, చప్పుడు ఆగిపోతుంది. పాకెట్‌లోకి దూర్చేటప్పుడు మెత్తటి సీసా మడతపడి సతాయిస్తుంది. నిండుగా ఉన్నప్పుడే దూర్చడం, అడుగున ఒక చేత్తో పాకెట్ నోరు తెరిచి పట్టుకోవడం తేలిక.

ఒక సీసాలో నీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు, చక్కెర కలిపిన పానీయం పెట్టుకోవడం మామూలే. ఇక్కడే ఒక చిక్కు మొదలవుతుంది. నోటికి రుచించేదే తాగుతూ పోతే ఒక పక్క ఖాళీ అయి, ఇంకో పక్క అరకిలో మిగిలి, వెస్ట్ అటు లాగుతుంది. గంట గడిచేసరికి ఒక భుజం మాత్రమే నొప్పి పెడుతుంటే కారణం అదే. రెండింటినీ మార్చి మార్చి తాగడమే పరిష్కారం. పానీయం ఎప్పుడూ ఒకే పక్క పెట్టండి. మూత రంగు వేరుగా ఉంటే ఇంకా మంచిది. అలసిన తల ఏ సీసా ఏదో ఆలోచించలేదు. తలమీద పోసుకోవడానికి, గాయం కడుక్కోవడానికి పనికొచ్చేది నీళ్ల సీసా ఒక్కటే.

వీపు సంచిలో పెట్టుకునే ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్ల బ్లాడర్ సంగతి వేరు. 1989లో అమెరికాలోని టెక్సాస్‌లో మైకేల్ ఐడ్సన్ అనే అత్యవసర వైద్య సిబ్బంది ఒకరు, ఎండలో జరిగే వంద మైళ్ల సైకిల్ పోటీ కోసం సెలైన్ సంచిని మేజోడులో పెట్టి వీపుకి తగిలించుకున్నాడు. క్యామెల్‌బాక్ అలా పుట్టింది. నీళ్లు దొరకని పొడవాటి దారులకు బ్లాడర్ ఇప్పటికీ మంచి ఏర్పాటే. కానీ ఎన్ని నీళ్లు మిగిలాయో కనిపించదు. నింపాలంటే వెస్ట్ విప్పి, పైనున్న బట్టలు తీయాలి. బరువంతా వెనకే ఉంటుంది. సామాను ఎక్కువ, నీళ్ల చోట్లు ఎక్కువ ఉన్న పోటీల్లో ముందు సీసాలే మేలు. నీళ్ల చోట్లు తక్కువున్నచోట ముందు రెండు సీసాలు, వెనక మడిచిపెట్టుకునే ఖాళీ సీసా ఒకటి పెట్టుకోవచ్చు. అవసరమైన మధ్యదూరంలో మాత్రమే దాన్ని నింపితే చాలు.

ఎన్ని నీళ్లు?

దీనికి జవాబు ఇంట్లోనే దొరుకుతుంది. పోటీ జరిగే వాతావరణానికి దగ్గరగా ఉన్న రోజు, ఒక గంట పరుగుకి ముందు బట్టలు తీసి బరువు చూసుకోండి. తిరిగొచ్చాక చెమట తుడుచుకుని మళ్లీ చూసుకోండి. మధ్యలో మూత్రానికి వెళ్లకూడదు. మా బృందంలోని ఆ అమ్మాయి బరువు 58.4 కిలోల నుంచి 57.5కి దిగింది. దారిలో 300 మిల్లీలీటర్లు తాగింది. తగ్గిన 900 గ్రాములకి తాగిన 300 కలిపితే గంటకి పోయిన చెమట 1.2 లీటర్లు.

పోయినదంతా తిరిగి తాగాలని కాదు. పొట్ట అన్ని నీళ్లు తీసుకోలేదు, తీసుకోవాల్సిన అవసరమూ లేదు. దాహాన్ని బట్టి ఆమె గంటకి అరలీటరు పైన తాగుతుంది. నీళ్లు దొరికే రెండు చోట్ల మధ్య ఎక్కువ దూరం రెండున్నర గంటలు పడుతుందనుకుంటే, 1.3 లీటర్లు కావాలి. ముందు రెండు సీసాల్లో ఒక లీటరు, వెనక ఖాళీ సీసాలో ఆ ఒక్క దూరానికి మాత్రం మరో 300 మిల్లీలీటర్లు. వెస్ట్‌లో నీళ్ల ఏర్పాటు ఇలా లెక్కతో తేలుతుంది.

మోసుకొచ్చాం కదా అని అతిగా తాగడం ప్రమాదం. గంటల తరబడి దాహానికి మించి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వాంతులు, మాట తడబడటం దాని గుర్తులు. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే తాగినది ఎక్కువైందని అర్థం. ఈ గుర్తులున్నవాళ్లకి ఇంకా నీళ్లు తాగించకుండా వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.

ఏది ఎక్కడ సర్దాలి

సర్దడానికి ఒక్కటే సూత్రం. ఎంత తొందరగా అవసరమవుతుందో అంత దగ్గర్లో ఉండాలి. విజిల్ ఛాతీ పట్టీకే తగిలించి ఉండాలి. కింద పడి చెయ్యి కదల్లేని స్థితిలోనూ నోటికి అందాలి. తిండి ముందు పాకెట్లలో, పక్కటెముకల పక్క పాకెట్లలో. ఫోను చెమట తగలకుండా ప్లాస్టిక్ కవరులో, జిప్పున్న పాకెట్‌లో. కప్పు బయటికి అందేచోట.

వెనక సంచిలో అడుగున లెగ్గింగ్స్, వాన ప్యాంటు. వాటి పైన, రెక్క ఎముకల మధ్యకి వచ్చేలా, వీపుకి ఆనుకుని వెచ్చటి చొక్కా, లైట్లు. గట్టివస్తువు ఏదీ నేరుగా వెన్నుకి తగలకుండా చొక్కా అడ్డుండాలి. అన్నిటికన్నా పైన జాకెట్, తొడుగులు. బట్టలన్నీ జిప్‌లాక్ కవర్లలో పెట్టాలి. వెస్ట్ గుడ్డ నీళ్లని ఆపదు. వీపు చెమటే లోపలి చొక్కాని తడిపేస్తుంది. తడిసిన వెచ్చటి చొక్కా కొండ మీద దేనికీ పనికిరాదు.

ఇలా సర్దాక కళ్లు మూసుకుని జాకెట్ తీసి చూడండి. వెస్ట్ ఒంటి మీదే ఉండగా ఒక నిమిషంలో జాకెట్ తీసి, వెస్ట్ మీదుగానే తొడుక్కోగలగాలి. అందుకే జాకెట్ ఒక సైజు పెద్దది కొనడం మేలు. విప్పి, సర్ది, మళ్లీ వేసుకోవాల్సిన జాకెట్‌ను మనిషి వాయిదా వేస్తాడు. కొండ మీద వానలో ఆ వాయిదా ఖరీదైనది.

ఒరుసుకుపోకుండా

మొదట లేచిపోయేది మెడ పక్క, కాలర్ ఎముక, చంకల ముందు భాగం, వీపు కింది అంచు. చేతుల్లేని బనియన్ మీద వెస్ట్ వేసుకుంటే అంచులు నేరుగా చర్మాన్ని తాకుతాయి. భుజం కప్పే టీషర్టు వేసుకోండి. బ్రా వెనక హుక్కు, పట్టీల సర్దుబాటు క్లిప్పులు వెస్ట్ కింద పడితే గంటల తర్వాత అవి పుండు చేస్తాయి. హుక్కుల్లేనిది ఎంచుకోవాలి. ఎక్కడ ఎర్రబడుతుందో సాధన పరుగుల్లోనే గుర్తుపెట్టుకుని, బయల్దేరే ముందు అక్కడ వ్యాజిలిన్ రాయండి లేదా గుడ్డ టేపు అతికించండి. మొదట మంటగా అనిపించిన చోట వెంటనే ఆగి సరిచేయాలి. ఎండిన చెమట ఉప్పు ఆ తర్వాత ఉప్పుకాగితంలా పనిచేస్తుంది.

ఇంటికి రాగానే వెస్ట్‌ను చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో చేత్తో ఉతికి నీడన ఆరేయండి. ఎండ, ఫ్యాబ్రిక్ కండిషనర్ సాగే గుడ్డని పాడుచేస్తాయి. మెత్తటి సీసాలు కడిగి, లోపల గోడలు అంటుకోకుండా ఒక చెంచా కాడ నిలబెట్టి ఆరనివ్వాలి. పానీయం పోసిన సీసా మూతను విప్పి విడిగా కడగాలి. నల్లటి చుక్కలు కనిపించడం మొదలయ్యేది అక్కడే.

మన కొండల్లో

వికారాబాద్ అనంతగిరి గుట్టల్లోనో, అరకు వైపు తూర్పు కనుమల్లోనో వారాంతం పరుగుకి వెళ్లేవాళ్లకు జాబితా చేతికిచ్చి తనిఖీ చేసే నిర్వాహకులు ఉండరు. కాబట్టి ఎవరి జాబితా వాళ్లే రాసుకోవాలి. ఇక్కడ ఆల్ప్స్ చలి లేదు. వాన ప్యాంటు, చేతితొడుగులు అక్కర్లేదు. చలికాలం తెల్లవారుజామున లంబసింగి లాంటి చోట్లకి మాత్రం వెచ్చటి చొక్కా, జాకెట్ రెండూ ఉండాలి. ఫిబ్రవరి తర్వాత మన ఎండలకి యూటీఎంబీ వేసవి జాబితాయే ఆధారం: రెండు లీటర్ల నీళ్లు, మెడ కప్పే టోపీ. వర్షాకాలంలో కుట్లకి టేపున్న జాకెట్. ఏ కాలమైనా అయిదు వస్తువులు వెస్ట్‌లోంచి తియ్యకూడదు: విజిల్, లైటు, సర్వైవల్ బ్లాంకెట్, అంటుకట్టు, సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా మ్యాప్ ముందే దించుకున్న ఫోను. అన్నీ కలిపి 500 గ్రాముల లోపే. పగటి పరుగుకి లైటు ఎందుకని అడుగుతారు. మడమ బెణికి నడిచి రావాల్సి వస్తే రెండు గంటల దారి ఆరు గంటలవుతుంది, అడవిలో చీకటి ముందే పడుతుంది.

కొత్త వెస్ట్‌ను పోటీ రోజు మొదటిసారి వేసుకోవద్దు. కనీసం మూడు పొడవాటి పరుగులు, అందులో ఒకటి రాత్రి, ఒకటి వానలో, పూర్తి సామానుతో చెయ్యండి. ప్రతిసారీ తిరిగొచ్చాక మూడు విషయాలు రాసుకోండి: ఎక్కడ ఒరుసుకుంది, ఏ వస్తువు అందలేదు, ఎన్ని నీళ్లు మిగిలాయి. మూడో పరుగుకి ఆ కాగితం దాదాపు ఖాళీగా ఉందంటే వెస్ట్ మీకు కుదిరినట్టే. ఇంకా నిండుతూనే ఉంటే పోటీకి ముందే సైజో, సీసాలో, సర్దే వరసో మార్చుకోవడానికి మీకు ఇంకా సమయం ఉంటుంది.